ఫోటోలో నీడ: వేళ చెబుతుంది, ఊరు చెప్పడానికి తడబడుతుంది

ఆరుబయట ఎండలో తీసిన ఫోటో ఒకటి చేతికొచ్చింది. ఎక్కడ తీశారో తెలియదు, ఎన్ని గంటలకు తీశారో తెలియదు. అందులో ఒక స్తంభమో మనిషో ఉండి, నేల మీద నీడ స్పష్టంగా పడి ఉంటే దాన్నుంచి రెండే రెండు సంఖ్యలు రాబట్టగలం. వస్తువు ఎత్తుకు నీడ ఎన్ని రెట్లు ఉందన్నది ఒకటి. నీడ ఏ దిక్కుకు పడిందన్నది రెండోది. మొదటిది ఆకాశంలో సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో చెబుతుంది, రెండోది ఏ వైపున ఉన్నాడో చెబుతుంది. నీడలో ఇంతకు మించి సమాచారం లేదు.

తెలుసుకోవాల్సినవి మాత్రం నాలుగు: అక్షాంశం, రేఖాంశం, తేదీ, వేళ. వేళను గడియారంతో కాకుండా సూర్యుడితోనే లెక్కపెట్టుకుంటే, అంటే ఆ ఊళ్లో సూర్యుడు నడినెత్తి రేఖ దాటినప్పుడే పన్నెండు అనుకుంటే, రేఖాంశం లెక్కలోంచి తప్పుకుంటుంది. తేదీ ఇంకెక్కణ్నుంచో తెలిసిందనుకుంటే మిగిలేవి అక్షాంశం, వేళ. చేతిలో రెండు కొలతలు, తెలియనివి రెండు, కాబట్టి కాగితం మీద లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. ఈ పద్ధతి గురించి రాసేవాళ్లలో చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఆ రెండు కొలతల్లో ఒకటి గట్టిది, ఒకటి బలహీనమైనది. వచ్చే రెండు జవాబుల నమ్మకం కూడా సమానంగా ఉండదు. ఎప్పుడు దేన్ని నమ్మాలో తెలియకపోతే, లెక్క తప్పులేకుండా చేసినా ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో తేలతాం.

మూడు ప్రశ్నలు

ప్రశ్న కొత్తది కాదు. సూర్యసిద్ధాంతంలో మూడో అధ్యాయం పేరు త్రిప్రశ్నాధికారం. దిక్కు, దేశం, కాలం అనే మూడింటినీ నీడతో తేల్చడమే అందులోని విషయం. పన్నెండు అంగుళాల శంకువును నిలబెట్టి దాని చుట్టూ వృత్తం గీస్తారు. పొద్దున పొడవుగా ఉన్న నీడ పొట్టిదవుతూ వచ్చి దాని కొస వృత్తాన్ని ఒకచోట తాకుతుంది. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ పెరిగి ఇంకోచోట తాకుతుంది. ఆ రెండు బిందువులను కలిపితే తూర్పు పడమర రేఖ వస్తుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు మధ్యాహ్నం అదే శంకువు నీడ ఎన్ని అంగుళాలుంటే అది ఆ ఊరి పలభ. హైదరాబాద్‌కు అది సుమారు మూడు ముప్పావు అంగుళాలు, వారణాసికి ఐదు ముప్పావుకు కాస్త తక్కువ. పంచాంగకర్తలకు పలభ అంటే ఊరి అక్షాంశమే, అంగుళాల్లో చెప్పిన అక్షాంశం.

ఆ గ్రంథం మొదట చెప్పే మాట నేల గురించి. శంకువు నిలిపే చోటు నీళ్లతో చూసుకుని సమం చేయమంటుంది. శంకువు నిటారుగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి, దిక్కు తెలిసి ఉండాలి. ఈ మూడింటినీ ఆ కాలం గణకుడు తన చేతులతో ఏర్పాటు చేసుకునేవాడు. ఫోటోను పరిశీలించేవాడికి ఆ వెసులుబాటు లేదు. శంకువును ఎవరో నిలబెట్టారు, నేలను ఎవరో చదును చేశారో లేదో తెలియదు, దిక్కు అసలే లేదు. సూత్రం పాతదే, త్రికోణమితి తెలిసినవారు పది నిమిషాల్లో లెక్క చేస్తారు. కష్టమంతా ఫోటోలోంచి ఆ రెండు సంఖ్యలను నమ్మకంగా బయటికి తీయడంలో ఉంది.

స్టంపే శంకువైతే

మన ఊళ్ల ఫోటోల్లో ఇందుకు బాగా పనికొచ్చే వస్తువు క్రికెట్ స్టంపు. నియమాల ప్రకారం దాని ఎత్తు నేలమీంచి 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. కాబట్టి ఎత్తును ఫోటోలో కొలవాల్సిన పని లేదు. పిచ్ ఎలాగూ చదును చేసినదే. అన్నిటికన్నా మేలైనది సున్నంతో గీసిన క్రీజు గీతలు. స్టంపుల గీతకు ముందు 4 అడుగుల దూరంలో బ్యాటర్ క్రీజు ఉంటుంది. పక్క గీతలు రెండూ మధ్య స్టంపుకు అటూ ఇటూ 4 అడుగుల 4 అంగుళాల దూరంలో ఉంటాయి. అంటే స్టంపు కాళ్ల దగ్గరే కొలతలు తెలిసిన దీర్ఘచతురస్రం ఒకటి నేల మీద గీసి పెట్టి ఉంది.

దాని అవసరం ఏమిటంటే, ఫోటో మీద స్కేలు పెట్టి స్టంపును, నీడను కొలిచి భాగిస్తే వచ్చేది తప్పు సంఖ్య. స్టంపు నిలువుగా ఉంది, నీడ నేల మీద పడుకుని ఉంది. కెమెరా వైపుగా లేదా కెమెరాకు దూరంగా సాగే నీడ అసలు పొడవుకన్నా బాగా కుంచించుకుపోయి కనిపిస్తుంది. అదే క్షణంలో పక్కనుంచి తీసిన ఫోటోలో ఆ నీడే రెట్టింపు పొడవు కనిపించవచ్చు. క్రీజు గీతల నాలుగు మూలలు ఫోటోలో కనిపిస్తే ఆ ఏటవాలు చతుర్భుజాన్ని అసలు కొలతల దీర్ఘచతురస్రంగా సాగదీయవచ్చు. జింప్ లాంటి ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఉండే పర్‌స్పెక్టివ్ టూల్ ఈ పనికే ఉంది. సాగదీశాక నేలను నేరుగా పైనుంచి చూస్తున్నట్టు అవుతుంది, ఇక నీడ కొసను సెంటీమీటర్లలో కొలుచుకోవచ్చు. సాగదీసిన బొమ్మలో స్టంపు మాత్రం వికారంగా వంగిపోతుంది, ఎందుకంటే అది నేల మీద పరుచుకున్న వస్తువు కాదు. దాన్ని పట్టించుకోకూడదు. కావాల్సినవి స్టంపు అడుగు, నీడ కొస, ఈ రెండు బిందువులే.

లెక్క కోసం ఒక ఫోటో అనుకుందాం. విజయవాడను మనసులో పెట్టుకుని నేనే కట్టిన లెక్క ఇది, పద్ధతి తిరిగి విజయవాడకే చేరుతుందో లేదో చూడటానికి. వెనకాల బ్యానర్ మీద జనవరి 26 టోర్నమెంట్ అని ఉంది, తేదీ దొరికింది. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 18.8 డిగ్రీల మీద ఉంటాడు. దీన్నే క్రాంతి అంటారు, ఏ ఖగోళ పట్టికలోనైనా దొరుకుతుంది. క్రీజును సాగదీసి కొలిస్తే మధ్య స్టంపు నీడ కొస పిచ్ వెంబడి 65 సెంటీమీటర్లు ముందుకు, అడ్డంగా 86 సెంటీమీటర్లు పక్కకు పడింది. కొస గీతల లోపలే ఉంది కాబట్టి కొలత మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే నీడ పొడవు 108 సెంటీమీటర్లు. 71ని 108తో భాగించి చూస్తే సూర్యుడి ఎత్తు 33.4 డిగ్రీలు.

ఇక దిక్కు. బ్యాటర్ కళ్లలో సాయంత్రం ఎండ కొట్టకుండా పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వేయడం ఆనవాయితీ. ఈ పిచ్ కూడా అలాగే ఉందనుకుంటే నీడ ఉత్తరం నుంచి తూర్పుకు 53 డిగ్రీలు తిరిగి ఈశాన్యంగా పడింది. అంటే సూర్యుడు నైరుతిలో ఉన్నాడు, మధ్యాహ్నం దాటింది. వాడే సూత్రాలు మూడే:

```
tan a = h / s
sin δ = sin φ · sin a + cos φ · cos a · cos A
sin H = sin A · cos a / cos δ
```

ఇందులో `h` స్టంపు ఎత్తు, `s` నీడ పొడవు, `a` సూర్యుడి ఎత్తు, `δ` క్రాంతి, `φ` అక్షాంశం. `A` అంటే ఉత్తర దిక్కు నుంచి సూర్యుడి వరకు ఉన్న కోణం, ఇక్కడ 127 డిగ్రీలు. `H` మధ్యాహ్నం నుంచి సూర్యుడు జరిగిన కోణం, 15 డిగ్రీలకు ఒక గంట. రెండో సూత్రం నుంచి అక్షాంశం 16.9 డిగ్రీలు వస్తుంది. మూడో సూత్రం నుంచి `H` 44.7 డిగ్రీలు, అంటే సూర్యుడి లెక్కన 2 గంటల 59 నిమిషాలు. విజయవాడ అసలు అక్షాంశం 16.5. తేడా నలభై కిలోమీటర్లు, అదీ సెంటీమీటర్లను పూర్ణసంఖ్యలకు సవరించినందుకు వచ్చింది. బాగానే ఉంది అనిపిస్తుంది.

ఐదు డిగ్రీల పిచ్

ఇప్పుడు ఆ పిచ్ కచ్చితమైన ఉత్తర దక్షిణాలకు ఐదు డిగ్రీలు పక్కకు తిరిగి ఉందనుకోండి. కంటితో చూస్తే ఎవరికీ తెలియని వంపు అది. లెక్క మళ్లీ చేస్తే అక్షాంశం ఒకవైపు వంపుకు 11.7, మరోవైపు వంపుకు 21.2 వస్తుంది. మొదటిది సేలం, రెండోది నాగపూర్. ఒక్క స్టంపు నీడ, ఐదు డిగ్రీల అనుమానం, దాంతో దక్షిణ భారతంలో చాలా భాగం జవాబు కిందికి వచ్చేసింది.

అదే ఐదు డిగ్రీలు వేళను ఎంత చెడగొడతాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకవైపు 2 గంటల 44 నిమిషాలు, మరోవైపు 3 గంటల 13 నిమిషాలు. పావుగంట అటూ ఇటూ, అంతే. ఊరు ఐదు వందల కిలోమీటర్లు జరిగిపోతే గడియారం పావుగంట జరిగింది. ఈ పద్ధతి మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే అని నా అభిప్రాయం. పొద్దున, సాయంత్రం వేళల్లో సూర్యుడు ఆకాశంలో వేగంగా ఎక్కుతూ దిగుతూ ఉంటాడు, కాబట్టి నీడ పొడవు వేళను గట్టిగా పట్టుకుంటుంది. ఊరు విజయవాడ అని ముందే తెలిస్తే దిక్కుతో పనే ఉండదు. నీడ పొడవొక్కటే చాలు, ఎత్తులో ఒక డిగ్రీ పొరపాటుకు వేళలో ఐదు నిమిషాల తేడా వస్తుంది.

మధ్యాహ్నం ఇదంతా తలకిందులవుతుంది. విజయవాడలో జనవరి 26న సూర్యుడు నడినెత్తి రేఖ దాటేటప్పుడు 54.7 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అరగంట తర్వాత చూసినా దిగేది ఒక డిగ్రీ కూడా ఉండదు. కాబట్టి ఫోటో దాదాపు మధ్యాహ్నానిది అని ఏదో ఒక ఆధారంతో తెలిస్తే, అరగంట అనుమానం ఉన్నా అక్షాంశం డిగ్రీ లోపే వస్తుంది. దిక్కు కొలవాల్సిన అవసరమే లేదు. కానీ ఆ నీడను చూసి అది పన్నెండో పన్నెండున్నరో చెప్పమంటే కుదరదు. ఊరు తెలియాలంటే మధ్యాహ్నపు నీడ కావాలి, వేళ తెలియాలంటే సాయంత్రపు నీడ కావాలి. ఒకే ఫోటో ఈ రెండింటినీ సమానంగా ఇవ్వదు.

దిక్కు విషయంలో ఐదు డిగ్రీలు అనుకోవడం కూడా ఉదారంగా ఇచ్చిన మార్కులే. ఊరి మైదానంలో పిచ్ ఎటు వేస్తారన్నది ఖాళీ స్థలాన్ని బట్టి ఉంటుంది, ఇరవై ముప్పై డిగ్రీలు తిరిగి ఉండటం మామూలే. అంతర్జాతీయ మైదానాలు కూడా అన్నీ ఒకలా లేవు. న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో పిచ్ తూర్పు పడమరలుగా ఉంటుంది. 2019 జనవరి 23న భారత్ ఆడిన వన్‌డేలో అస్తమిస్తున్న సూర్యుడు నేరుగా బ్యాటర్ కళ్లలో పడటంతో ఆట కాసేపు ఆపాల్సి వచ్చింది. వర్షానికి ఆగిన ఆటలు చూశాం గానీ ఎండకు ఆగిన ఆట అరుదు.

కాబట్టి దిక్కుకు ఇంకో సాక్షి వెతకాలి. మన వైపు ఇళ్ల మీద కనిపించే డీటీహెచ్ గొడుగు మంచి సాక్షి. ఆ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన కదలకుండా ఉంటాయి, మన దేశానికి ప్రసారం చేసేవి ఎక్కువగా తూర్పు రేఖాంశం 83 నుంచి 108 మధ్య ఉన్నాయి. అందువల్ల హైదరాబాద్‌లో గొడుగులు దక్షిణం నుంచి ఆగ్నేయం దాకా, కొన్ని ఇంకాస్త తూర్పుకు తిరిగి ఉంటాయి. 83 డిగ్రీల ఉపగ్రహం వైపు చూసే గొడుగు దక్షిణం నుంచి 15 డిగ్రీలు తూర్పుకు, 95 డిగ్రీల ఉపగ్రహం వైపు చూసేది దాదాపు సరిగ్గా ఆగ్నేయానికి. గొడుగు మీద కంపెనీ గుర్తు కనిపిస్తే ఉపగ్రహం తెలుస్తుంది, దాంతో దిక్కు ఐదారు డిగ్రీల లోపు దొరుకుతుంది. దీనికి ఊరు ఎక్కడో ఉజ్జాయింపుగా తెలిసి ఉండాలన్న తిరకాసు ఉంది, అయినా ఏమీ లేనిదానికన్నా నయం. గుడి ముఖం సాధారణంగా తూర్పుకు, మన వైపు మసీదు కిబ్లా దాదాపు పడమరకు ఉంటాయి గానీ మినహాయింపులు ఎక్కువ.

దిక్కు పూర్తిగా తిరగబడిందా లేదా అన్నది మాత్రం లెక్కే పట్టిస్తుంది. పై ఫోటోలో పిచ్ ఉత్తర కొసను దక్షిణ కొస అనుకుని చేస్తే అక్షాంశం దక్షిణం 68 డిగ్రీలు వస్తుంది. జనవరి 26న అంటార్కిటికాలో టోర్నమెంట్ జరగదు కాబట్టి కొసలు తారుమారయ్యాయని తెలిసిపోతుంది. ఫోటో అద్దంలోలా కుడి ఎడమలు మారి ఉంటే ఇలా పట్టుబడదు. ఊరు అదే వస్తుంది, వేళ మాత్రం మధ్యాహ్నం మూడు బదులు పొద్దున తొమ్మిది అవుతుంది. అలాంటప్పుడు బ్యానర్ మీద అక్షరాలు తిన్నగా ఉన్నాయా అని చూడటమే దారి.

గడియారం వైపు

ఇప్పటిదాకా చెప్పిన వేళ సూర్యుడిది. చేతి గడియారం వేళ కావాలంటే రెండు సవరణలు చేయాలి. మన ప్రామాణిక కాలం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీలది, కాకినాడకు కాస్త తూర్పుగా వెళ్లే రేఖ అది. విజయవాడ దానికి పడమరగా 1.85 డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఏడున్నర నిమిషాలు కలపాలి. రెండోది, భూమి సూర్యుడి చుట్టూ సమవేగంతో తిరగదు, దాని అక్షం వంగి ఉంది. వీటివల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు గడియారం కన్నా వెనక, కొన్నాళ్లు ముందు నడుస్తాడు. జనవరి 26న పన్నెండున్నర నిమిషాలు వెనక ఉంటాడు. రెండూ కలిపితే సూర్యుడి 2 గంటల 59 నిమిషాలు గడియారంలో 3 గంటల 19 నిమిషాలు.

తేదీ తెలియకపోతే ఈ రెండో సవరణే చిక్కు తెస్తుంది. జనవరి 26న ఉన్న క్రాంతే నవంబర్ 16, 17 తేదీల్లోనూ ఉంటుంది. సూర్యుడు దక్షిణానికి వెళ్తూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి అదే చోటు దాటుతాడు కదా. కాబట్టి ఆ రెండు రోజుల్లో స్టంపు నీడ ఒకేలా పడుతుంది, ఎంత చక్కగా కొలిచినా తేడా కనిపించదు. కానీ నవంబర్‌లో సూర్యుడు గడియారం కన్నా పదిహేను నిమిషాలు ముందుంటాడు. సూర్యుడి మూడు గంటలు జనవరిలో 3 గంటల 20 నిమిషాలైతే నవంబర్‌లో 2 గంటల 52 నిమిషాలు. జూన్, డిసెంబర్ అయనాంతాల దగ్గర తప్ప ఏ నీడకైనా ఇలా రెండు తేదీలుంటాయి.

గడియారం వేళ ముందే తెలిసి ఊరు తెలియని సందర్భం ఇంకోరకం. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు కెమెరా రాసిపెట్టిన వేళ, చోటు రెండూ చెరిగిపోతాయి గానీ, అసలు ఫైలు దొరికితే వేళ ఉంటుంది. తేదీ, వేళ, నీడ నిష్పత్తి మూడూ ఉంటే దిక్కు లేకపోయినా భూమి మీద ఒక వలయం గీయవచ్చు. ఆ క్షణంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్న చోటు ఆ వలయానికి కేంద్రం. బెల్లింగ్‌క్యాట్ సంస్థ 2024లో విడుదల చేసిన షాడోఫైండర్ అనే ఉచిత పరికరం చేసే పని ఇదే. మన ఫోటోకు ఆ కేంద్రం మొజాంబిక్‌లో పడుతుంది, వలయం వ్యాసార్ధం సుమారు 6300 కిలోమీటర్లు. అది విజయవాడ మీదుగా వెళ్తుంది, దక్షిణ టర్కీ మీదుగానూ వెళ్తుంది. అక్కడ ఆ క్షణానికి నడిమధ్యాహ్నం, నీడ ఇంతే పొడవుంటుంది గానీ సరిగ్గా ఉత్తరానికి పడుతుంది. చేతికొచ్చేది ఊరు కాదు, ఖండాలను కోసుకుంటూ పోయే గీత. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దాన్ని ఊరు కనిపెట్టడానికి కాకుండా, ఎవరో చెప్పిన ఊరు ఆ గీత మీద ఉందో లేదో చూడటానికి వాడతారు.

టైమ్స్ స్క్వేర్ లెక్క

తెలియనిది ఒక్కటే ఉన్నప్పుడు నీడ ఎంత పదునుగా పనిచేస్తుందో చెప్పడానికి ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీసిన ఫోటో కన్నా మంచి ఉదాహరణ లేదు. జపాన్ లొంగిపోయిన రోజు న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక నావికుడు తెల్ల దుస్తుల్లో ఉన్న యువతిని ముద్దుపెట్టుకుంటున్న ఫోటో అది. తేదీ 1945 ఆగస్టు 14, చోటు తెలుసు. ఆ ఇద్దరూ తామేనని చెప్పుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరు చెప్పిన వేళ ఒక్కోలా ఉంది. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ భౌతికశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఓల్సన్ తన సహచరులతో కలిసి, వెనక కనిపించే ఒక భవనం గోడ మీద పడిన నీడను పట్టుకున్నాడు. అది ఆస్టర్ హోటల్ కప్పు మీదున్న బోర్డు నీడ. పాత పటాలు, ఫోటోలతో చుట్టుపక్కల భవనాల ఎత్తులు తేల్చి, నమూనా కట్టి చూసి, సాయంత్రం 5 గంటల 51 నిమిషాలని 2015లో ప్రకటించారు. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో జరిగిందన్న వాదన దాంతో నిలవలేదు.

నిమిషం దాకా ఎలా చెప్పగలిగారన్నది ఆసక్తికరం. నేను లెక్క చేసి చూస్తే ఆ వేళకు సూర్యుడు దాదాపు సరిగ్గా పడమట, 22 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. నీడ వేసే వస్తువుకూ నీడ పడే గోడకూ మధ్య వంద మీటర్లుంటే నీడ నిమిషానికి 40 సెంటీమీటర్లు జరుగుతుంది. గోడ మీద కిటికీలను లెక్కపెట్టి అంత కదలికను గుర్తించవచ్చు. మన స్టంపు నీడ కొస అదే నిమిషంలో 0.8 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల స్టంపు నీడ కొస రెండు సెంటీమీటర్ల మేర మసకగా ఉంటుంది, రెండు మూడు నిమిషాల కదలిక ఆ మసకలోనే కలిసిపోతుంది. అలాగని దూరం ఎక్కువైతే ఎప్పుడూ మేలని కాదు. వస్తువు సన్నగా ఉంటే, దాని వెడల్పుకు నూరు రెట్ల దూరం దాటేసరికి నీడ చెదిరిపోతుంది. ఐదు సెంటీమీటర్ల జెండా కర్ర నీడ ఐదారు మీటర్ల తర్వాత నల్లగా ఉండదు. జెండా కర్ర కొస అనుకుని కొలిచింది చాలాసార్లు నీడ చెదిరిపోయిన చోటే అవుతుంది, దాంతో సూర్యుడు ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నట్టు తేలుతుంది. భవనం మూల, పెద్ద బోర్డు అయితే ఈ బాధ తక్కువ.

టైమ్స్ స్క్వేర్ లెక్కలో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. 1945 ఆగస్టులో అమెరికా గడియారాలు యుద్ధకాలం కోసం గంట ముందుకు తిప్పి ఉండేవి. అది మరిచిపోతే 5 గంటల 51 నిమిషాలు కాస్తా 4 గంటల 51 నిమిషాలవుతుంది. పాత ఫోటోలతో పనిచేసేవాళ్లు నీడను కొలవడానికి ముందే ఆ దేశం ఆ ఏడాది ఏ గడియారం వాడిందో చూసుకుంటారు.

నడినెత్తి సూర్యుడు

ఈ విషయం మీద ఉన్న మార్గదర్శకాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా వాళ్లు రాసినవి. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని వాటిలో ధీమాగా ఉంటుంది. లండన్‌లో అది ఏడాదంతా నిజం, హైదరాబాద్‌లో కాదు. ఇక్కడ మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిటారు వస్తువుకు నీడే ఉండదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అదే జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మే 20న నడిమధ్యాహ్నం తీసిన ఫోటోలో సూర్యుడు 85 డిగ్రీల ఎత్తున ఉన్నాడని తేలిందనుకుందాం. నీడ ఉత్తరానికి పడిందా దక్షిణానికా తెలియకపోతే ఊరు కర్నూలుకు కాస్త దక్షిణంగానైనా ఉండవచ్చు, వారణాసి దగ్గరైనా ఉండవచ్చు. ఆరడుగుల మనిషి నీడ అప్పుడు 16 సెంటీమీటర్లు, అంటే చెప్పుల కింద దాక్కునేంత. దాని దిక్కు ఎవరు కొలవగలరు? ఆ మనిషి రెండు డిగ్రీలు వాలి నిలబడితే సూర్యుడి ఎత్తు కూడా రెండు డిగ్రీల దాకా తప్పు వస్తుంది, మధ్యాహ్నపు ఫోటోలో అది నేరుగా అక్షాంశంలోకి వెళ్తుంది. మన ఎండాకాలపు మధ్యాహ్నం ఫోటోలను ఈ పద్ధతికి పనికిరానివిగా పక్కన పెట్టడమే మంచిది.

ఒకే ఫోటో కాకుండా కదలని కెమెరా నుంచి వీడియో దొరికితే సంగతి మారుతుంది. నీడ కొస నేల మీద గీసుకుంటూ పోయే వంపురేఖ ఆకారంలోనే ఉత్తర దిక్కు ఇమిడి ఉంటుంది. శంకువు చుట్టూ గీసిన వృత్తం చేసిన పని కూడా అదే. ఇమ్రాన్ జునేజో, హసన్ ఫరూష్ 2008లో ప్రచురించిన పరిశోధనలో కెమెరా దిక్కు ముందుగా తెలియకుండానే నీడల జాడతో చోటు, తేదీ అంచనా వేసే దారి చూపారు. 2015లో చైనా కాలేజీ విద్యార్థుల జాతీయ గణిత నమూనాల పోటీలో ఒక ప్రశ్న అచ్చంగా ఇదే: వీడియోలో నిలువు కర్ర నీడ మారుతున్న తీరు చూసి ఊరు చెప్పండి. దిక్కు బలహీనతను ఇది తప్పిస్తుంది గానీ నీడ చెప్పుకోదగ్గంత కదిలేదాకా కెమెరా అక్కడే ఉండాలి. ఫోన్‌లో తీసిన అరనిమిషం వీడియోకు ఇది వర్తించదు.

అలాంటి ఫోన్ వీడియోతో ఏం చేయవచ్చో 2018లో బీబీసీ ఆఫ్రికా ఐ బృందం చూపించింది. సైనికులు స్త్రీలను, పిల్లలను నడిపించుకుంటూ వెళ్లి కాల్చి చంపిన వీడియో అది. బృందం నీడతో మొదలుపెట్టలేదు. వెనక కనిపించే కొండల వరుసను పోల్చి, చోటు కామెరూన్ ఉత్తర కొసన జెలెవెట్ అనే ఊరి దగ్గరని తేల్చుకుంది. ఉపగ్రహ చిత్రాల్లో ఏ ఇల్లు ఎప్పుడు లేచింది, ఎప్పుడు కూలింది అని చూసి కాలాన్ని 2014 నవంబర్, 2016 ఫిబ్రవరి మధ్యకు కుదించింది. నడుస్తున్న బాట జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎండు నెలల్లో మాత్రమే కనిపించేది. అప్పుడు నడుస్తున్న సైనికుల నీడలను కొలిచి 2015 మార్చి 20, ఏప్రిల్ 5 మధ్య అని చెప్పింది. సైనికుడు స్టంపులా నిటారుగా ఉండడు, నడకలో ముందుకు వాలతాడు, అందుకేనేమో జవాబు ఒక్క రోజుగా కాక రెండు వారాల వ్యవధిగా వచ్చింది. ఆ నీడలకు సరిపడే క్రాంతి సెప్టెంబర్‌లోనూ వస్తుంది. సెప్టెంబర్‌ను కొట్టేయడానికి నీడ చాలదు, ఎండు నెలల ఆ కాలిబాట కావాలి.